పొద్దున్నే పట్టేసే వేలు



రాయగడ, గుణుపురం, జయపురం వైపు ఎముకల డాక్టరు గదిలో కూర్చుంటే తరచుగా వినిపించే మాట ఒకటుంది. "పొద్దున్న లేచేసరికి వేలు ముడుచుకుపోయి ఉంటోంది బాబూ. రెండో చేత్తో పట్టుకుని లాగితే టక్కుమని తెరుచుకుంటోంది. ప్రాణం పోయినంత పనవుతోంది. పది గంటలయ్యేసరికి మళ్లీ మామూలే." ఇలా చెప్పేవాళ్లలో ఎక్కువమంది నలభై ఐదు దాటిన ఆడవాళ్లు. చూపించేది ఎక్కువగా ఉంగరం వేలు, లేదా బొటనవేలు. ఎక్కడ నొప్పి అని అడిగితే వేలి మధ్య కణుపు మీద చెయ్యి పెడతారు. అప్పటికే ఆ కణుపుకి నూనె రాసి, వేడినీళ్ల కాపడం పెట్టి, కొందరైతే పసరుకట్టు కూడా కట్టించుకుని ఉంటారు.

చిక్కంతా అక్కడే ఉంది. టక్కుమన్నది మధ్య కణుపులో తెలుస్తుంది గానీ, జబ్బు ఆ కణుపులో లేదు. అది అరచేతిలో, వేలు మొదలయ్యే చోట ఉంది. బద్ద ఎక్కడ కట్టాలి, సూది ఎక్కడ వెయ్యాలి, కత్తి పెట్టాల్సి వస్తే ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకని దీన్నే కాస్త నిదానంగా చెబుతాను.

మన వేళ్లలో కండ లేదు. వేలిని ముడిచే కండలు మోచేతికీ మణికట్టుకీ మధ్యన ముంజేతిలో ఉంటాయి. అక్కణ్ణుంచి స్నాయువులు బయల్దేరి, మణికట్టు దాటి, అరచేతి మీదుగా వేలి కొసదాకా వెళ్తాయి. వీటినే మనవాళ్లు నరాలు అనేస్తుంటారు. వేలు ముడిచినప్పుడు ఈ స్నాయువు ఎముకని వదిలి పైకి లేచిపోకుండా దారిలో అక్కడక్కడ గట్టి పట్టీలు అడ్డంగా ఉంటాయి. డాక్టర్లు వాటిని పుల్లీలంటారు. మొట్టమొదటి పుల్లీ అరచేతిలో వేలి మొదలు దగ్గరే ఉంటుంది. పొడవు సెంటీమీటరుకి అటూ ఇటూ. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు హృదయరేఖ అంటారు చూశారా, చిటికెన వేలి వైపు నుంచి మొదలయ్యే పై అడ్డగీత, ఉంగరం వేలికి సంబంధించిన పుల్లీ దాదాపు ఆ గీత దగ్గరే ఉంటుంది. బొటనవేలికైతే దాని మొదట్లో ఉన్న మడత దగ్గర.

ఆ పట్టీ లోపలి వైపు మందమవుతుంది. దాని కింద జారాల్సిన స్నాయువు కూడా ఆ ఒరిపిడికి ఒకచోట ఉబ్బి చిన్న కాయలా తయారవుతుంది. పావడా బొందుకి ముడి పడితే నేఫాలో ఎలా ఇరుక్కుంటుందో ఇదీ అలాగే. ముడి అటు దాటిందంటే ఇటు రావడానికి మొరాయిస్తుంది. వేలు ముడిచినప్పుడు ఆ ఉబ్బు పుల్లీ దాటి అరచేతిలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే ముడిచే కండలకు బలం ఎక్కువ. చాచే కండలకు అంత బలం లేదు కాబట్టి తిరిగి లోపలికి పంపలేవు. వేలు ముడుచుకునే ఉండిపోతుంది. రెండో చేత్తో లాగితే ఉబ్బు బలవంతాన దూరుతుంది. టక్కుమనే చప్పుడు అదే. ఈ ఉబ్బుని మొదట వివరించి రాసినవాడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు అల్ఫోన్స్ నొత్తా, 1850లో. ఇప్పుడు దీన్ని అందరూ ట్రిగ్గర్ ఫింగర్ అంటున్నారు.

మరి పొద్దున్నే ఎందుకు? నిద్రలో మన వేళ్లు సగం ముడుచుకునే ఉంటాయి. గంటల తరబడి కదలిక ఉండదు. స్నాయువు చుట్టూ ఉన్న పొరలో నీరు చేరి వాపు కాస్త పెరుగుతుంది. లేచి నాలుగుసార్లు చెయ్యి ఆడించాక ఆ నీరు సర్దుకుంటుంది, దారి కొద్దిగా వదులవుతుంది. కోరాపుట్ కొండల మీద మార్గశిర, పుష్య మాసాల్లో చన్నీళ్లలో చెయ్యి పెట్టేవాళ్లకి బిగుసుకుపోయినట్టు మరింత తెలుస్తుంది. చలి వల్ల జబ్బు రాలేదు, ఉన్న బిగుతు చలికి బయటపడింది, అంతే. వేడినీళ్లలో చెయ్యి ఉంచితే పొద్దున సుఖంగానే ఉంటుంది, ఉంచండి. కాకపోతే దానితో పట్టీ మందం తగ్గదు.

ఎవరికి వస్తుందంటే, మామూలు జనంలో జీవితకాలం మొత్తమ్మీద నూటికి ఇద్దరు ముగ్గురికి రావచ్చని లెక్క. షుగరు ఉన్నవాళ్లలో అది నూటికి పదిదాకా వెళ్తుంది, పైగా వాళ్లకి ఒక వేలితో ఆగకపోవచ్చు. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకి, కీళ్లవాతం ఉన్నవాళ్లకి కూడా ఎక్కువ. పని వల్ల వస్తుందా అని అందరూ అడుగుతారు. కొడవలి పట్టి చోళ్లు కోసేవాళ్లు, దర్జీలు, కోట్‌పాడ్ వైపు మగ్గం నేసేవాళ్లు రోజంతా పిడి బిగించి పట్టుకునేవాళ్లే. పిడి నొక్కుకునేది సరిగ్గా ఆ పుల్లీ ఉన్న చోటే. పని బాధని పెంచుతుందనడంలో నాకు అనుమానం లేదు. కానీ పనొక్కటే కారణమని తేల్చేసి షుగరు చూపించుకోకుండా వెళ్లిపోవడం మంచిది కాదు. వేలు చూపించుకోవడానికి వచ్చి షుగరు ఉన్నట్టు మొదటిసారి తెలుసుకునేవాళ్లు ఉంటారు.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి చెబితే మిగతాదంతా వరసగా అర్థమవుతుంది. రాయగడలో టిఫిన్ దుకాణం నడుపుతుంది. వయసు యాభై రెండు. ఎనిమిదేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటోంది. కుడిచేతి ఉంగరం వేలు రెండున్నర నెలలుగా పట్టేస్తోంది. మొదట అరచేతిలో చిన్న నొప్పి, తర్వాత టక్కుమనడం, వచ్చేనాటికి పొద్దున్నే రెండో చేత్తో లాగాల్సి రావడం. లాగితే పూర్తిగా తెరుచుకుంటోంది. ఇది ముఖ్యం, గుర్తుంచుకోండి.

పరీక్ష అంటే పెద్ద తతంగం కాదు. అరచేతిలో ఉంగరం వేలి మొదట్లో బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఆవిణ్ణి వేలు ముడిచి చాచమన్నాను. గోధుమగింజంత ఉబ్బు నా వేలి కింద అటూ ఇటూ జరగడం తెలిసింది. నొక్కగానే చెయ్యి లాక్కుంది. జబ్బు తేలిపోయింది. దీనికి మామూలుగా ఎక్స్‌రే అక్కర్లేదు, స్కానింగూ అక్కర్లేదు. దెబ్బ తగిలిన వేలైతేనో, కీలే వాచి ఉంటేనో ఎక్స్‌రే తీయిస్తాం. ఇంట్లో మీరే ఇలా నొక్కి చూసుకోవచ్చు. అయితే వేలు ముడుచుకుని ఉండే ప్రతిదీ ఇదే కాదు. అరచేతిలో చర్మం కిందే గట్టి తాడులా తగులుతూ, రెండో చేత్తో లాగినా వేలు రాకుండా, టక్కు లేకుండా, నొప్పి పెద్దగా లేకుండా ఏళ్ల తరబడి మెల్లగా ముడుచుకుపోతుంటే అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు. పొద్దున్నే రెండు చేతుల వేళ్లన్నీ గంటసేపు బిగుసుకుని, కణుపులు వాచి ఉంటే కీళ్లవాతం కోసం రక్తపరీక్ష చేయించాలి.

ఆవిడ మూడు నెలల సగటు షుగరు, అదే హెచ్‌బిఎవన్‌సి, తొమ్మిది పైన ఉంది. అందుకని ఆ రోజు సూది మాట ఎత్తలేదు. ముందు బద్ద వేశాను, షుగరు మందు మార్పించమని ఆవిణ్ణి ఫిజీషియన్ దగ్గరికి పంపాను.

బద్ద విషయంలో జరిగే పొరపాటు ఎక్కువగా ఒకటే. మందుల షాపుకెళ్లి వేలికి కట్టు ఇమ్మంటే, కొసకణుపుకి తొడిగే ప్లాస్టిక్ తొడుగు ఇచ్చేస్తారు. అది వేలి కొసన స్నాయువు తెగినప్పుడు పెట్టేది. దానివల్ల ఈ జబ్బుకి అంత లాభం ఉండదు. మనకి కావాల్సింది స్నాయువు ఆ మొదటి పుల్లీ కింద అటూ ఇటూ ఎక్కువ దూరం జారకుండా చూడటం. అందుకు వేలి మొదటి కీలుని, అంటే పిడికిలి బిగిస్తే ఎత్తుగా కనిపించే గుబ్బ దగ్గరి కీలుని, తిన్నగా ఆపాలి. పై రెండు కణుపులూ కదలొచ్చు. ఫిజియోథెరపీ విభాగంలో వేడినీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ రేకుతో చేతి కొలతకి చేసి ఇస్తారు. అది దొరకనప్పుడు ఒకవైపు స్పాంజి అతికించిన అల్యూమినియం రేకు చాలు. అరచేతి మధ్య నుంచి వేలి మధ్య కణుపు కిందిదాకా వచ్చేలా కత్తిరించి, స్పాంజి చేతి వైపు పెట్టి, అరచేతి చుట్టూ ఒక పట్టీ, వేలి చుట్టూ ఒక పట్టీ వెయ్యాలి. రేకు అంచులు మడవకపోతే చర్మం కోసుకుంటుంది. వేలి కొస నొక్కి వదిలితే వెంటనే ఎర్రబడాలి. నీలంగా మారినా తిమ్మిరెక్కినా పట్టీ బిగుతుగా ఉన్నట్టే. మధ్య కణుపుని ఒక్కదాన్నే ఆపే బద్దలు కూడా వాడతారు, వాటితోనూ గుణం కనిపిస్తుంది. మీ డాక్టరు ఏది ఇచ్చినా అది ఏ కీలుని ఆపుతోందో అడిగి తెలుసుకోండి.

ఎన్నాళ్లు? కనీసం ఆరు వారాలు. రాత్రీ పగలూ పెట్టుకోగలిగితే మంచిదే, కానీ పని చేసుకునే మనిషికి అది కుదరదని నాకు తెలుసు. అట్లు వేసే మనిషి చేతికి బద్ద కట్టి పంపితే వీధి మలుపు దాటగానే విప్పేస్తుంది. అందుకని రాత్రంతా, మధ్యాహ్నం దుకాణం కట్టేశాక సాయంత్రందాకా పెట్టుకోమన్నాను. రాత్రి పెట్టుకున్నా పొద్దుటి పట్టు తగ్గుతుంది, ఎందుకంటే వేలు ముడుచుకుని నిద్రపోదు. రోజుకి మూడు నాలుగుసార్లు బద్ద తీసి, మొదటి కీలు తిన్నగా ఉంచి పై రెండు కణుపులు మాత్రం కొక్కెంలా మెల్లగా ముడిచి చాచమన్నాను, లేకపోతే కణుపు బిగుసుకుపోతుంది. ఇక చెయ్యకూడని పని ఒకటుంది, దాదాపు అందరూ చేసేది అదే. తగ్గిందా లేదా అని మాటిమాటికీ పిడికిలి బిగించి టక్కుమనిపించి చూసుకోవడం. అలా చూసుకున్న ప్రతిసారీ ఆ ఉబ్బు మళ్లీ ఒరుసుకుంటుంది.

ఆవిణ్ణి అట్లకాడ తెచ్చి చూపించమన్నాను. ఇనుప కాడ, చిటికెన వేలంత సన్నం. దాని చివర అరిగిపోయి, పట్టుకుంటే సరిగ్గా ఉంగరం వేలి మొదట్లో గుచ్చుకుంటోంది. ఆ కాడకి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, పైన గుడ్డ చుట్టి, పిడి లావుగా, అరచేతికి అవతలిదాకా పొడవుగా చేయించాం. పూరీపిండి కలపడం కొడుక్కి అప్పగించింది. తడిగుడ్డలు పిండటం మానేసింది. ఇవి చిన్న పనులే, కానీ ఇవి చెయ్యకుండా బద్ద ఒక్కటే కడితే రాత్రి తగ్గింది పగలు తిరిగి వస్తుంది.

బద్దతో బాగుపడేది ఎవరంటే, బాధ మొదలై ఆరు నెలలు దాటనివాళ్లు, ఒక్క వేలికే ఉన్నవాళ్లు, వేలు టక్కుమన్నా తనంతట తానే తెరుచుకునేవాళ్లు. రెండో చేత్తో లాగాల్సిన దశకి వస్తే ఫలితం తగ్గుతుంది. బొటనవేలికి బద్ద అంతగా పని చెయ్యదు. మన టిఫిన్ ఆవిడకి ఆరు వారాల తర్వాత నొప్పి సగానికి తగ్గింది, లాగాల్సిన అవసరం కూడా కొన్ని రోజులే వస్తోంది. అయినా పట్టు పూర్తిగా పోలేదు. ఈలోగా మూడు నెలల సగటు షుగరు ఎనిమిదికి దిగింది. అప్పుడు సూది గురించి మాట్లాడుకున్నాం.

ఈ సూది అంటే స్టెరాయిడ్. మాట వినగానే జనం భయపడతారు. నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రల సంగతి వేరు, ఒక్కచోట ఒక్కసారి వేసే చుక్క మందు సంగతి వేరు. ట్రయామ్సినోలోన్ అయితే 10 నుంచి 20 మిల్లీగ్రాములు, మిథైల్ ప్రెడ్నిసోలోన్ అయితే 20 నుంచి 40, దాంతో కొంచెం మత్తుమందు కలిపి మొత్తం ఒక మిల్లీలీటరుకి అటూఇటూ. సన్నసూదితో అరచేతిలో ఆ పుల్లీ దగ్గర, స్నాయువు చుట్టూ ఉన్న పొరలోకి వేస్తాం. స్నాయువులోకే వెయ్యకూడదు. సూది పెట్టాక వేలు కదపమంటే సూది కూడా ఊగితే అది స్నాయువులో ఉందన్నమాట, కొంచెం వెనక్కి తీసి మందు వదులుతాం. బలవంతాన నొక్కాల్సి వస్తున్నా తప్పుచోట ఉన్నట్టే. ఈ పని చెయ్యి తిరిగినవాళ్లే చెయ్యాలి. సంతలో కూర్చుని నొప్పులకి సూదులు వేసేవాళ్లతో వేయించుకోకండి. పిరుదుకి వేసే నొప్పిసూది కూడా దీనికి ప్రత్యామ్నాయం కాదు.

మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి పెరగొచ్చు. చాలామందికి గుణం వారం పది రోజుల్లో మొదలవుతుంది, కొందరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మర్నాటికే తగ్గలేదని నిరాశపడక్కర్లేదు. ఒక్క సూదితో ముగ్గురిలో దాదాపు ఇద్దరికి బాధ పోతుంది, అందులో కొందరికి నెలల తర్వాత తిరగబెడుతుంది. షుగరు ఉన్నవాళ్లకి గెలుపు తక్కువ, సగం సగం అనుకోవచ్చు. సూది వేసినచోట చర్మం తెల్లబడటం, చిన్న గుంట పడటం కొందరికి జరుగుతుంది. మన రంగుకి ఆ తెల్లమచ్చ బాగా కనిపిస్తుంది, బొల్లి వచ్చిందేమోనని కంగారు పడతారు. మామూలుగా కొన్ని నెలల్లో కలిసిపోతుంది. స్నాయువు తెగడం చాలా అరుదు.

షుగరు ఉన్నవాళ్లు అసలు కనిపెట్టుకోవాల్సింది సూది తర్వాతి వారం. ఈవిడకి పరగడుపు షుగరు 140 దగ్గర ఉండేది. సూది వేసిన మర్నాడు 230. ఆ తర్వాత మెల్లగా దిగుతూ అయిదో రోజుకి మామూలుకొచ్చింది. ఇలా అవుతుందని ముందే చెప్పాం కాబట్టి కంగారు పడలేదు, మాత్రలు తనే పెంచుకోలేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి ఇంకా పైకి వెళ్లొచ్చు. కాబట్టి సూదికి ముందు మీ షుగరు సంగతి డాక్టరుకి చెప్పండి, తర్వాత వారంపాటు రోజూ చూసుకోండి. మూడు వందలు దాటితే, విపరీతమైన దాహం వేస్తుంటే ఆగకుండా వెళ్లండి.

సూదితో ఆవిడకి అయిదు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి మొదటికంటే గట్టిగా పట్టింది. ఒకరోజు మధ్యాహ్నందాకా వేలు తెరుచుకోలేదట. రెండో సూది వెయ్యొచ్చా? వెయ్యొచ్చు. రెండు సూదులకి మధ్య మూడు నెలల ఎడం ఉండాలని నా పద్ధతి. కొందరు ఆరు వారాలకే వేస్తారు. రెండు దాటి మూడోది వెయ్యడం నాకు ఇష్టం లేదు. ఒక్కో సూదికీ ఫలితం తగ్గుతూ వస్తుంది, స్నాయువుకి హాని పెరుగుతుంది. షుగరు ఉండి, మొదటి సూది అయిదు నెలలే నిలబడి, పట్టు ఇంకా గట్టిపడిన మనిషికి ఆపరేషను మేలని నా అభిప్రాయం చెప్పాను. కూతురి పెళ్లి అయ్యాక చేయించుకుంటానంది. అందులో తప్పేమీ లేదు, ఇది రేపటికి చెయ్యాల్సిన ఆపరేషను కాదు.

కానీ ఆలస్యానికి ఒక హద్దుంది, అది చెప్పాలి. రెండో చేత్తో లాగినా వేలు పూర్తిగా చాచలేకపోతున్నారంటే వారాల్లోనే చూపించుకోవాలి. వేలు నెలల తరబడి వంకరగా ఉండిపోతే మధ్య కణుపు కీలే ఆ వంకరలో బిగుసుకుపోతుంది. అప్పుడు అరచేతిలో పుల్లీ కోసినా వేలు పూర్తిగా తిన్నగా రాదు. ఆపరేషను తర్వాత "ఇంకా కొంచెం వంకరగానే ఉంది బాబూ" అనేవాళ్లలో ఎక్కువమంది ఆలస్యంగా వచ్చినవాళ్లే. మొదటే పూర్తిగా బిగుసుకున్న స్థితిలో వచ్చినవాళ్లకి బద్దా సూదీ దాటి నేరుగా ఆపరేషను చెప్పడం కూడా ఉంది. ఇంకొక జాగ్రత్త, సూది వేసిన మూడు నెలల లోపే అదేచోట ఆపరేషను చేస్తే చీముపట్టే అవకాశం ఎక్కువ. అత్యవసరం కాకపోతే ఆగుతాం.

ఆపరేషను మాటకి జనం ఊహించుకునేదానికీ జరిగేదానికీ పోలిక లేదు. కూతురి పెళ్లయ్యాక వచ్చిన ఆవిడ బల్ల మీద మెలకువగానే ఉంది. అరచేతిలో మత్తుసూది ఇచ్చాం, అందులో అడ్రినలిన్ కలిపాం, రక్తం రాకుండా. వేళ్లకి అడ్రినలిన్ ఇస్తే వేలు చచ్చుబడుతుందని మా చదువుల్లో చెప్పేవారు. కెనడా సర్జన్ డొనాల్డ్ లాలోండ్, ఆయన తోటివాళ్లు మూడు వేలకు పైగా కేసులు వరసగా పరిశీలించి అది నిజం కాదని 2005లో చూపించారు. దాంతో జబ్బ మీద గాలిపట్టీ బిగించే బాధ తప్పింది. ఇరవై నిమిషాలు ఆగాక ఆ హృదయరేఖ దగ్గరే ఒక సెంటీమీటరు గాటు. కింద కొవ్వు పక్కకి తీస్తే తెల్లగా మెరిసే పట్టీ కనిపిస్తుంది. వేలికి రెండు వైపులా స్పర్శనిచ్చే అసలు నరాలు వెళ్తుంటాయి, వాటిని పక్కకి జరిపి పట్టుకుని ఆ పట్టీని నిలువునా తెరిచాం. అప్పుడు ఆవిణ్ణే వేలు ముడవమన్నాం. ముడిచింది, చాచింది. టక్కు లేదు. మెలకువగా ఉంచడం వల్ల లాభం ఇదే. ఇంకా ఏదైనా తగులుతుంటే కుట్టు వెయ్యకముందే తెలుస్తుంది. రెండు మూడు కుట్లు, ఒక కట్టు. కత్తి పెట్టిన దగ్గర్నుంచి చూస్తే పావుగంట పని.

ఆ పట్టీ కోసేస్తే స్నాయువు లేచిపోదా అని మంచి ప్రశ్నే అడిగాడు ఆవిడ కొడుకు. లేవదు, దాని పైన రెండో పుల్లీ ఉంది, పెద్దది, అది ఆ పని చూసుకుంటుంది. అందుకే రెండోదాన్ని ముట్టుకోకూడదు. అది తెగితే వేలు ముడిచినప్పుడు స్నాయువు విల్లుతాడులా పైకి లేస్తుంది, పట్టు బలం పోతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకి మాత్రం మొదటి పుల్లీ కూడా కొయ్యకుండా ఉండటానికే చూస్తాం, కోస్తే వాళ్ల వేళ్లు చిటికెన వేలి వైపు ఒరిగిపోతాయి. వాళ్లకి స్నాయువు చుట్టూ పెరిగిన పొరని తీసేస్తారు. గాటు లేకుండా లావుసూది మొనతోనే పుల్లీని తెంచే పద్ధతి కూడా ఉంది. మధ్యవేలికీ ఉంగరం వేలికీ చెయ్యి తిరిగినవాళ్లు బాగానే చేస్తారు. బొటనవేలికి నేను ఒప్పుకోను, దాని నరం ఆ పుల్లీ మీదుగా అడ్డంగా వెళ్తుంది.

దీనికోసం అందరూ విశాఖ కేజీహెచ్ దాకా రైలెక్కాల్సిన పని లేదు. 2017లో మొదలైన కోరాపుట్ శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, రాయగడలో జిల్లా కేంద్ర ఆసుపత్రి ఉంది. ఎముకల డాక్టరు ఏ రోజు ఉంటారో ముందు కనుక్కుని వెళ్లండి. షుగరు కాగితాలు, ఇంతకుముందు సూది వేయించుకుని ఉంటే ఆ చీటీ తీసుకెళ్లండి.

ఆపరేషను అయిన రోజు నుంచే వేలు ఆడించాలి. కుట్లు పోతాయని భయపడి వేలుని అలాగే పట్టుకుని కూర్చుంటే గెలిచిన పని చెడుతుంది. మొదటి రెండు రోజులు చెయ్యి గుండెకంటే ఎత్తున ఉంచుకోవాలి. ఆవిడకి పన్నెండో రోజున కుట్లు తీశాం. అప్పటిదాకా తడిపని లేదు. నాలుగో వారానికి గల్లాపెట్టె దగ్గర్నుంచి అట్ల పెనం దగ్గరికి వచ్చింది, పిండి కలపడానికి ఆరో వారందాకా ఒప్పుకోలేదు. గాటు మీద నొక్కితే మరో రెండు నెలలు సలిపింది. అది మామూలే, రోజూ నూనెతో గట్టిగా మర్దన చేసుకుంటే మెత్తబడుతుంది. కోసిన వేలికి మళ్లీ పట్టు రావడం అరుదు. పక్కవేలికి రాదని మాత్రం చెప్పలేం, షుగరు ఉన్నవాళ్లకి అసలే చెప్పలేం.

పిల్లల సంగతి ఒక్క ముక్కలో. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకి బొటనవేలు వంగి చాచలేకుండా ఉంటే, పడిపోయాడనీ ఎముక విరిగిందనీ కట్టు కట్టించేస్తుంటారు. అదీ ఇలాంటిదే, కానీ నొప్పి ఉండదు. దానికి స్టెరాయిడ్ సూది వెయ్యరు. చాలామందిలో మెల్లగా దానంతటదే విడుతుంది. ఏడాది రెండేళ్లు చూసి, విడకపోతే అప్పుడు చిన్న ఆపరేషను చేస్తారు.

చివరగా, ఆగకూడనిది ఒకటుంది. ముల్లు గుచ్చుకున్నాకో, సూది వేశాకో, ఆపరేషను తర్వాతో వేలు మొత్తం లావుగా వాచి, సగం ముడుచుకుని ఉండిపోయి, అరచేతి వైపు ఎక్కడ నొక్కినా భరించలేని నొప్పి పుట్టి, కొస పట్టుకుని కొంచెం చాచబోతే కేక పెట్టాల్సి వస్తుంటే అది ట్రిగ్గర్ ఫింగర్ కాదు. స్నాయువు పొరలో చీము చేరింది. దానికి కాపడాలూ బద్దలూ పనికిరావు. తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.